మట్టి ఎక్కడికి పోయింది?

చెరువు కట్ట పని జరిగే చోట తరచూ వినబడే తగాదా ఒకటుంది. కాంట్రాక్టరు ట్రిప్పుల లెక్క చూపిస్తాడు. "పది క్యూబిక్ మీటర్ల టిప్పరు సార్, నూట ముప్పై ఐదు ట్రిప్పులు తోలాం. అంటే పదమూడు వందల యాభై" అంటాడు. ఏఈ గారు టేపు పట్టించి కట్ట కొలిస్తే సరిగ్గా 1000 క్యూబిక్ మీటర్లు తేలుతుంది. పోనీ మట్టి తవ్విన గుంత కొలుద్దామంటే అక్కడ ఇంకో అంకె వస్తుంది, 1083. పక్కన నిలబడి చూస్తున్న రైతులకు మాత్రం ఒకటే అనుమానం: మిగతా మట్టి ఎవరి ప్లాటుకు పోయింది?

దొంగ లెక్కలు ఉండవని కాదు. కానీ ఈ మూడు అంకెలూ ఒకే మట్టివి కావచ్చు, మూడూ నిజమే కావచ్చు. నిజమో కాదో తేల్చడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఒక ఉక్కు గొట్టం, ఒక తూకం, మట్టిని ఆరబెట్టే ఓవెన్ ఉంటే చాలు. మిగిలినదంతా కూడికలు, భాగహారాలు.

మట్టి అని మనం పిలిచేది నిజానికి మూడు పదార్థాల కలగలుపు. గట్టి రేణువులు, వాటి మధ్య సందుల్లో కొంత నీరు, మిగిలిన సందుల్లో గాలి. తవ్వినా, తోలినా, రోలరుతో తొక్కించినా రేణువులు పెరగవు, తరగవు. మారేదల్లా సందులూ, వాటిలోని నీరూ. సాయిల్ మెకానిక్స్ పుస్తకాల్లో మొదటి అధ్యాయమంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. వాయిడ్ రేషియో, పోరాసిటీ, వాటర్ కంటెంట్, సాచురేషన్ అంటూ పేర్లు వరసగా వచ్చి విద్యార్థులను బెదరగొడతాయి గానీ, అవన్నీ ఆ మూడింటి మధ్య వాటాల లెక్కలే.

మట్టి తవ్వే గుంత దగ్గరే మొదలుపెడదాం. అక్కడ వాడే గొట్టాన్ని కోర్ కట్టర్ అంటారు. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు, ఎత్తు 12.7 సెంటీమీటర్లకు రవ్వంత ఎక్కువ, లోపలి ఘనపరిమాణం దాదాపు 1000 సీసీ. అడుగు అంచు పదునుగా ఉంటుంది. దాన్ని చదును చేసిన నేల మీద నిలబెట్టి, పైన ఒక ఉక్కు రింగు పెట్టి, బరువైన దిమ్మెతో కొట్టి నేలలోకి దింపుతారు. తర్వాత చుట్టూ తవ్వి, లోపలి మట్టి జారకుండా పైకి తీసి, రెండు చివర్లా పొడుచుకొచ్చిన మట్టిని కత్తితో సమంగా కోసేస్తారు. ఈ కోతలో బద్ధకిస్తే ఇక ముందు చేసే లెక్కంతా వృథా. ఎందుకంటే ఘనపరిమాణం 1000 సీసీ అని మనం నమ్మేది ఆ కోత సరిగ్గా ఉందనే ధీమా మీదే.

మన గుంతలోంచి తీసిన గొట్టం తూచి, ఖాళీ గొట్టం బరువు తీసేస్తే మట్టి 1782 గ్రాములు వచ్చిందనుకుందాం. ఇది తడి బరువు. ఇందులో నీరెంతో తెలియాలి. గొట్టంలోని మట్టిలోంచే చిన్న ముక్క తీసి మూత ఉన్న డబ్బీలో వేసి తూస్తారు. ఖాళీ డబ్బీ 22 గ్రాములు. మట్టితో కలిపి 77. ఓవెన్లో 105 నుంచి 110 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచి మళ్లీ తూస్తే 72. ఆవిరైన నీరు 5 గ్రాములు, మిగిలిన పొడి మట్టి 50 గ్రాములు. వాటర్ కంటెంట్ అంటే నీటిని పొడి మట్టితో భాగించగా వచ్చేది: 5 బై 50, అంటే 10 శాతం.

ఎక్కువమంది జారిపడే మెట్టు ఇదే. మొత్తం తడి మట్టి 55 గ్రాములు కదా, నీటి శాతం 5 బై 55 కావాలి కదా అనిపిస్తుంది. కాదు. ఈ శాస్త్రంలో నీటిని ఎప్పుడూ పొడి మట్టితోనే పోలుస్తారు. తడి బరువు నీటితో పాటే మారిపోతుంది కాబట్టి అది కొలబద్దగా పనికిరాదు. పొడి బరువు కదలదు. అందుకే వాటర్ కంటెంట్ 100 శాతం దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మెక్సికో నగరం కింద ఉన్న పాత సరస్సు బంకమట్టిలో రేణువుల బరువుకు మూడింతలకు పైగా నీరుండే పొరలున్నాయి. అక్కడ 300 శాతం అనేది మామూలు అంకె.

ఈ నిర్వచనం మరచిపోతే లెక్క ఎలా తప్పుతుందో చూడండి. 1782 గ్రాముల్లో 10 శాతం నీరు అని 178 తీసేస్తే 1604 వస్తుంది. అది తప్పు. 1782ని 1.10తో భాగించాలి. అప్పుడు పొడి మట్టి 1620 గ్రాములు, నీరు 162 గ్రాములు. తేడా 16 గ్రాములే అనిపిస్తుంది గానీ, పాస్ అయ్యే కట్టకూ ఫెయిలయ్యే కట్టకూ మధ్య ఒక్కోసారి ఉండే తేడా కూడా అంతే.

ఇప్పుడు రేణువుల చోటు తెలుసుకోవాలి. మట్టి రేణువు అదే పరిమాణం నీటి కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకెను స్పెసిఫిక్ గ్రావిటీ అంటారు. చాలా మట్టుల్లో ఇది 2.65, 2.75 మధ్య ఉంటుంది. మన మట్టికి ల్యాబులో 2.70 తేలిందనుకుందాం. 1620ని 2.70తో భాగిస్తే 600. అంటే 1000 సీసీ గొట్టంలో రేణువులు ఆక్రమించింది 600 సీసీ మాత్రమే. మిగిలిన 400 సీసీ ఖాళీ సందులు. ఆ సందుల్లో 162 సీసీ నీరుంది, ఎందుకంటే గ్రాము నీరు ఒక సీసీ. మిగతా 238 సీసీ గాలి.

గొట్టం లోపల ఏముందో మనకిప్పుడు పూర్తిగా తెలిసిపోయింది. ఇక పేర్లు పెట్టడమే మిగిలింది. మొత్తంలో సందుల వాటా 400 బై 1000, అంటే 40 శాతం. ఇది పోరాసిటీ. సందులను రేణువులతో పోలిస్తే 400 బై 600, అంటే 0.667. ఇది వాయిడ్ రేషియో. సందుల్లో నీరు నిండిన భాగం 162 బై 400, అంటే 40.5 శాతం. ఇది సాచురేషన్. తడి మట్టి సాంద్రత సీసీకి 1.782 గ్రాములు, పొడి సాంద్రత 1.62. సీసీకి గ్రాము అన్నా, క్యూబిక్ మీటరుకు టన్ను అన్నా ఒకటే అంకె కాబట్టి సైటు మీద ఈ లెక్క హాయిగా సాగుతుంది. ఇంజినీర్లు డిజైన్లో వాడే యూనిట్ వెయిట్ కావాలంటే 9.81తో గుణించాలి. తడి మట్టికి క్యూబిక్ మీటరుకు 17.5 కిలోన్యూటన్లు, పొడికి 15.9.

పోరాసిటీ ఉండగా వాయిడ్ రేషియో ఇంకెందుకని అడగొచ్చు. మన తగాదాకు జవాబు అక్కడే ఉంది. కట్ట మీద మట్టిని పొరలుగా పరిచి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించాక మళ్లీ కోర్ కట్టర్ దింపామనుకుందాం. ఈసారి పొడి సాంద్రత 1.755 వచ్చింది. 1755ని 2.70తో భాగిస్తే రేణువులు 650 సీసీ, సందులు 350. పోరాసిటీ 40 నుంచి 35కి తగ్గింది. 5 తగ్గింది కాబట్టి మట్టి 5 శాతం కుదించుకుపోయిందని చెప్పేవాళ్లున్నారు. అది నిజం కాదు. పోరాసిటీలో కింద ఉన్న అంకె మొత్తం ఘనపరిమాణం, అదీ మారిపోతోంది. వాయిడ్ రేషియోలో కింద ఉన్నవి రేణువులు, అవి మారవు. 0.667 నుంచి 0.538కి తగ్గింది. ఆ తగ్గుదలను మొదటి మొత్తంతో, అంటే 1.667తో భాగిస్తే 7.7 శాతం వస్తుంది. అసలు కుదింపు అంత.

ఇక టిప్పరు సంగతి. జేసీబీ తవ్వి ఎత్తిపోసిన మట్టి గడ్డలు గడ్డలుగా పడుతుంది, మధ్యలో బోలెడంత గాలి. పొడి సాంద్రత 1.30 దాకా పడిపోయిందనుకోండి. 2.70ని 1.30తో భాగించి ఒకటి తీసేస్తే వాయిడ్ రేషియో 1.077. అంటే రేణువుల కంటే సందులే ఎక్కువ.

ఇప్పుడు మూడు కొలతలనూ రేణువుల్లోకి మార్చి చూద్దాం. ఘనపరిమాణాన్ని ఒకటి ప్లస్ వాయిడ్ రేషియోతో భాగిస్తే రేణువులు మిగులుతాయి. టిప్పర్లలో 1350ని 2.077తో భాగిస్తే 650. గుంతలో 1083ని 1.667తో భాగిస్తే 650. కట్టలో 1000ని 1.538తో భాగిస్తే 650. మూడు చోట్లా అవే 650 క్యూబిక్ మీటర్ల రేణువులు. ఈ కాంట్రాక్టరు మట్టి అమ్ముకోలేదు. అలాగని 1350కి బిల్లు ఇవ్వమనడమూ కుదరదు. రోలరు తొక్కాక కట్ట మీద కొలిచిన దానికే డబ్బు అని ఒప్పందంలో ఉంటే, టిప్పర్లలో వచ్చిన గాలికి ఎవరూ డబ్బివ్వరు. అంచనా వేసేటప్పుడు ఏ దశలోని క్యూబిక్ మీటరో కాగితం మీద రాయకపోవడమే ఇలాంటి తగాదాలకు సగం కారణమని నా అభిప్రాయం.

ఈ 1.755 చాలునా అన్నది వేరే ప్రశ్న. 1933లో లాస్ ఏంజెలెస్‌లో మట్టి ఆనకట్టల పనిలో ఉన్న రాల్ఫ్ ప్రాక్టర్ అనే ఇంజినీరు, ఒకే రకం దెబ్బలతో కొట్టినా మట్టి ఎంత గట్టిపడుతుందనేది అందులోని నీటి మీద ఆధారపడుతుందని చూపించాడు. మరీ పొడిగా ఉంటే రేణువులు కదలవు, గడ్డలు గడ్డలుగానే ఉండిపోతాయి. మరీ తడిస్తే సందులను నీరే ఆక్రమించి, దగ్గరకు రానివ్వదు. మధ్యలో ఎక్కడో ఒక అనువైన తేమ ఉంటుంది. మన మట్టికి ప్రాక్టర్ టెస్టులో ఆ తేమ 15 శాతమనీ, అప్పుడు వచ్చే గరిష్ఠ పొడి సాంద్రత 1.79 అనీ తేలిందనుకుందాం. ఒప్పందంలో 98 శాతం సాధించాలని ఉంటే 1.754 కావాలి. మన 1.755 గట్టెక్కింది.

గుంతలో మట్టి తేమ 10 శాతమే కాబట్టి ఇంకో 5 శాతం నీరు కలపాలి. 5 శాతం దేనిలో? పొడి మట్టిలో. 1000 క్యూబిక్ మీటర్ల కట్టలో పొడి మట్టి 1755 టన్నులు, దానిలో 5 శాతం 87.75 టన్నులు. అంటే 87,750 లీటర్లు, 5000 లీటర్ల ట్యాంకర్లు 18. వేసవిలో మధ్యాహ్నం పూట పరిచిన మట్టి ఆరిపోతూనే ఉంటుంది కాబట్టి దీనికి మించి కొంత పట్టుకోక తప్పదు.

ఇప్పటిదాకా చేసిన లెక్కలన్నీ ఒక చిన్న సూత్రంలో ఇమిడిపోతాయి.

```
S × e = w × G
```

S సాచురేషన్, e వాయిడ్ రేషియో, w వాటర్ కంటెంట్, G స్పెసిఫిక్ గ్రావిటీ. సందుల్లో నీటి పరిమాణాన్ని రెండు దారుల్లో చెప్పడమే ఇది: ఎడమ వైపు సందుల లెక్కన, కుడి వైపు బరువు లెక్కన. గుంత మట్టితో సరిచూసుకోండి. 0.405ని 0.667తో గుణిస్తే 0.27. 0.10ని 2.70తో గుణించినా 0.27. పరీక్షల్లో మార్కులకు పనికొచ్చే సూత్రంగానే దీన్ని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఇది రిజిస్టర్ల మీద నిఘా పెట్టడానికి ఎక్కువ ఇష్టం.

ఎలాగంటే, అదే కట్ట మీద ఇంకో చోట తీసిన టెస్టు ఫలితం రిజిస్టరులో ఇలా ఉందనుకోండి: వాటర్ కంటెంట్ 19 శాతం, డ్రై డెన్సిటీ 1.85. గరిష్ఠ సాంద్రత 1.79 అయినప్పుడు ఇది 103 శాతం. చూసిన పై అధికారి బ్రహ్మాండం అని సంతకం పెట్టేస్తాడు. ఒక్క నిమిషం ఆగి లెక్క వేయాలి. 1850ని 2.70తో భాగిస్తే రేణువులు 685 సీసీ. సందులు 315 మాత్రమే. పొడి మట్టిలో 19 శాతం నీరంటే 351 సీసీ. 315 సీసీ ఖాళీలో 351 సీసీ నీరు ఎలా పడుతుంది? సాచురేషన్ 112 శాతం వచ్చింది. భూమ్మీద అలాంటి మట్టి లేదు. 19 శాతం తేమతో, గాలి చుక్కైనా లేకుండా ఈ మట్టిని ఎంత తొక్కించినా పొడి సాంద్రత 1.785 దాటదు.

మరి ఏం జరిగి ఉంటుంది? ఎక్కువగా జరిగేది తడి సాంద్రతను పొడి సాంద్రత గడిలో రాసేయడం. అలా అనుకుని 1.85ని 1.19తో భాగిస్తే 1.555 వస్తుంది. రేణువులు 576, సందులు 424, నీరు 295, సాచురేషన్ 70 శాతం. ఇది మట్టి లాగే ఉంది. కానీ కాంపాక్షన్ 103 శాతం కాదు, 87 శాతమే. పాసైందనుకున్న పొర ఘోరంగా ఫెయిలైంది. సైటుకు వెళ్లకుండానే, కుర్చీలో కూర్చునే, ఆ పొరను విప్పి మళ్లీ తొక్కించాల్సి ఉంటుందని అనుమానించవచ్చు. ఖాయం చేసుకోవడానికి మాత్రం గొట్టం మళ్లీ దింపాల్సిందే.

ఎందుకంటే 112 శాతానికి వేరే కారణాలూ ఉండొచ్చు. డబ్బీలోకి తీసిన మట్టి, అప్పుడే ట్యాంకరు తడిపిన పైపొరది అయి ఉండొచ్చు. ఓవెన్ లేదని పెనం మీద మట్టిని మాడ్చి ఉండొచ్చు. అలా చేస్తే సందుల్లోని నీరే కాక, బంకమట్టి ఖనిజాలు తమలో పట్టి ఉంచిన నీరు కూడా పోతుంది, ఆకూ అలమూ ఉంటే అవీ కాలిపోతాయి. తేమ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. స్పెసిఫిక్ గ్రావిటీ కొలవకుండా పుస్తకంలోంచి 2.70 ఎత్తి రాసినా చిక్కే. ఇనుము ఎక్కువగా ఉన్న ఎర్రమట్టుల్లో అది పెరుగుతుంది, కుళ్లిన ఆకులు కలిసిన మట్టుల్లో తగ్గుతుంది. మన కట్ట మట్టికే 2.70 బదులు 2.75 అనుకుంటే వాయిడ్ రేషియో 0.538 నుంచి 0.567కి పోతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. సాచురేషన్ 100 లోపు వచ్చినంత మాత్రాన టెస్టు నిజమని కాదు. ఈ లెక్క అసాధ్యాన్ని పట్టుకుంటుంది, నేర్పుగా అల్లిన అబద్ధాన్ని పట్టుకోలేదు.

87 శాతం పొరతో వచ్చే నష్టమేమిటో కూడా ఈ అంకెలే చెబుతాయి. అక్కడ వాయిడ్ రేషియో 0.737. వదులుగా, అరకొర తడితో పరిచిన మట్టి చెరువు నిండి పూర్తిగా నానినప్పుడు, గడ్డల మధ్య పట్టు సడలి తన బరువుకు తానే కుంగుతుంది. అలా 0.65 దాకా దిగిందనుకుందాం. తేడా 0.087ని 1.737తో భాగిస్తే 5 శాతం. 4 మీటర్ల ఎత్తు కట్ట అంతా ఇలాగే కట్టి ఉంటే 20 సెంటీమీటర్లు దిగుతుంది. అలుగు మట్టం మాత్రం రాతి కట్టడం, దిగదు. అంటే నీటి మట్టానికీ కట్ట తలకూ మధ్య వదిలిన ఎత్తులోంచే ఆ 20 సెంటీమీటర్లు పోతాయి. పెద్ద వాన కురిసిన రాత్రి నీరు కట్ట మీదుగా పొర్లకుండా కాపాడేది ఆ ఎత్తే.

బాగా కట్టిన కట్టకు కూడా నీరు నిండాక బరువు మారుతుంది. 1.755 పొడి సాంద్రత, 15 శాతం తేమతో ఉన్న రోజున క్యూబిక్ మీటరు కట్ట 2.018 టన్నులు తూగుతుంది. సందులు 350 లీటర్లు, నీరు 263 లీటర్లు, ఇంకా 87 లీటర్ల నీరు పట్టే చోటుంది. చెరువు వైపు వాలు నెలల తరబడి నానితే ఆ చోటూ నిండి బరువు 2.105 టన్నులవుతుంది. యూనిట్ వెయిట్‌లో చెప్పాలంటే 20.7 కిలోన్యూటన్లు. అయితే ఆ మట్టి నీటిలో మునిగి ఉంది కదా, నీరు దాన్ని కింది నుంచి పైకి ఎత్తుతూ ఉంటుంది. ఆ మేరకు 9.81 తీసేస్తే రేణువులు ఒకదాని మీద ఒకటి మోపే బరువు 10.8 కిలోన్యూటన్లు మాత్రమే. దాదాపు సగం.

అందుకే నిండు చెరువులో లోపలి వాలు భద్రంగా నిలబడి ఉంటుంది. ప్రమాదం నీరు హఠాత్తుగా దిగినప్పుడు వస్తుంది. పక్కన ఎక్కడో గండి పడటం వల్లనో, తూము పూర్తిగా ఎత్తి పెట్టడం వల్లనో నాలుగు రోజుల్లో మట్టం పడిపోతే, బయట నుంచి వాలుకు ఆనుకుని ఉన్న నీరు పోతుంది. బంకమట్టి సందుల్లోని 350 లీటర్లు మాత్రం అంత తొందరగా బయటికి రావు. వాలును కిందికి లాగే బరువు 10.8 నుంచి ఒక్కసారిగా 20.7కి చేరుతుంది. రేణువుల మధ్య పట్టు మాత్రం, లోపలి నీటి ఒత్తిడి అలాగే ఉండటం వల్ల, ఆ నిష్పత్తిలో పెరగదు. అప్పుడు లోపలి వాలు మీద కట్టకు సమాంతరంగా పొడుగాటి బీట కనిపిస్తుంది, దాని కింది భాగం కొద్దిగా జారి ఉబ్బుతుంది. చెరువు ఖాళీ అయింది కదా, ఇక భయం లేదని ఊరంతా అనుకునే రోజుల్లోనే కట్ట లోపలి వైపు నడిచి ఆ బీట కోసం చూడాలి.